మేనేజ్‌మెంట్ లెటర్‌ను యజమానికి తెలుగులో వివరించిన నా అనుభవం

అట్టపెట్టెలు తయారుచేసే ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ యజమాని, ఆడిట్‌లో కనిపించిన లోపాలు రాసి తన ఆడిటర్లు పంపిన మేనేజ్‌మెంట్ లెటర్ ముసాయిదాను తెలుగులో వివరించమని నన్ను పిలిచారు. నేను ఆ కంపెనీ ఆడిటర్‌ని కాను. విడిగా ప్రాక్టీసు చేసుకునే చార్టర్డ్ అకౌంటెంట్‌ని. ఆయన అనుమతితోనే ఇది రాస్తున్నాను. కంపెనీని గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలూ అంకెలూ మార్చాను గానీ, లోపాల స్వభావాన్నీ లెక్క తీరునూ మార్చలేదు.

కంపెనీ వార్షిక టర్నోవర్ సుమారు 38 కోట్ల రూపాయలు. రోజువారీ వ్యాపారం నడపడానికి బ్యాంకు మంజూరు చేసిన అప్పు, అంటే వర్కింగ్ క్యాపిటల్ పరిమితి, 6 కోట్లు. ఖాతాల గదిలో పనిచేసేది నలుగురు. యజమాని యంత్రాల దగ్గర పనిచేస్తూ పైకి వచ్చినవారు. క్రాఫ్ట్ కాగితాన్ని వేళ్ల మధ్య పట్టుకుని చదరపు మీటరుకు దాని బరువు, అంటే జీఎస్‌ఎం, ఎంతో దాదాపుగా చెప్పగలరు. బిల్లులో రేటు, బరువు, తేదీ ఆంగ్లంలో ఉన్నా ఆయనకు ఇబ్బంది లేదు. కానీ పద్నాలుగు పేజీల ఆ లెటర్‌లో ఒక్కో పేరా ఏం చెబుతున్నదో, దానికి తాను ఏం జవాబు రాయాలో ఆయనకు అంతుపట్టలేదు. అందులో మొత్తం 11 అంశాలున్నాయి. ప్రతి అంశం కింద యాజమాన్యం సమాధానం కోసం ఖాళీ పెట్టె ఉంది.

నేను వెళ్లేసరికే ఆయన మనసులో రెండు అభిప్రాయాలు ఉన్నాయి. రెండూ ఒకదానికొకటి పొసగవు. మొదటిది, ఆడిట్ రిపోర్టులో ఏ అభ్యంతరమూ లేదు కాబట్టి ఈ లెటర్‌ను పెద్దగా పట్టించుకోనక్కర లేదన్నది. రెండోది, పద్దెనిమిదేళ్లుగా తన దగ్గర నమ్మకంగా పనిచేస్తున్న అకౌంటెంట్‌ను ఆడిటర్లు దొంగ అంటున్నారన్నది. "అమ్మా, ఆయన దొంగైతే రిపోర్టు బాగుందని ఎలా రాశారు? బాగుంటే ఈ లెటర్ ఎందుకు?" అని అడిగారు. నా దృష్టిలో అది చాలా సరైన ప్రశ్న. దానికి జవాబు చెప్పకుండా అంశాల్లోకి వెళ్లి ఉంటే తరువాతి మాటలేవీ ఆయనకు ఎక్కేవి కావు.

అందుకని ముందు ఆడిట్ రిపోర్టు దేని గురించి అభిప్రాయం చెబుతుందో వివరించాను. మార్చి 31 నాటి ఆస్తి అప్పుల పట్టిక, ఆ సంవత్సరపు లాభనష్టాల లెక్క ముఖ్యమైన విషయాలన్నిటిలో సరిగా ఉన్నాయా లేదా అన్నదే ఆ రిపోర్టు చెప్పే మాట. ఆ లెక్కలు ఏ పద్ధతిలో తయారయ్యాయి, ఆ పద్ధతిలో తప్పు దొర్లితే పట్టుకునే ఏర్పాటు ఉందా అన్నది వేరే ప్రశ్న. కంపెనీల చట్టం 2013 లోని 143(3)(i) సెక్షన్ ఆ రెండో ప్రశ్న మీద కూడా ఆడిటర్ అభిప్రాయం చెప్పాలంటుంది. అయితే 2017 జూన్ 13 నాటి నోటిఫికేషన్ ప్రకారం, 50 కోట్ల కంటే తక్కువ టర్నోవర్, ఏడాది మొత్తంలో ఎప్పుడూ 25 కోట్లకు చేరని అప్పులు ఉండి, వార్షిక పత్రాలు సక్రమంగా దాఖలు చేసిన ప్రైవేట్ కంపెనీకి అది వర్తించదు. ఈ కంపెనీ ఆ మినహాయింపులోకే వస్తుంది. కాబట్టి తప్పును పట్టుకునే ఆ ఏర్పాట్ల మీద, అంటే అంతర్గత నియంత్రణల మీద, ఆయన ఆడిటర్లు రిపోర్టులో అభిప్రాయమేదీ చెప్పలేదు. బాగున్నాయని కూడా చెప్పలేదు. పని చేస్తున్నప్పుడు వారి కంటపడిన లోపాలను మాత్రం ఎస్‌ఏ 265 అనే ఆడిటింగ్ ప్రమాణం ప్రకారం విడిగా తెలియజేయాలి. ముఖ్యమైన లోపాలైతే పాలనా బాధ్యత ఉన్నవారికి, అంటే ఇక్కడ డైరెక్టర్లకు, రాతపూర్వకంగానే ఇవ్వాలి. ఆ రాతే ఈ లెటర్.

లెటర్ మొదటి పేజీలో ఉన్న ఒక పేరాను ఆయన అలవాటుగా దాటేశారు. చాలామంది దాటేస్తారు. ఆడిటర్లు నియంత్రణలను పరిశీలించింది తమ ఆడిట్ పనిని రూపొందించుకోవడానికేననీ, నియంత్రణలు పనిచేస్తున్నాయో లేదో అభిప్రాయం చెప్పడానికి కాదనీ, తమ దృష్టికి వచ్చినవే ఇక్కడ రాశామనీ ఆ పేరా సారాంశం. ఇందులో యజమానికి పనికొచ్చే సంగతి ఒకటి ఉంది: పదకొండు లోపాలు రాశారంటే కంపెనీలో పదకొండే ఉన్నాయని అర్థం కాదు.

దొంగతనం ఆరోపణ అన్న రెండో అభిప్రాయాన్ని తొలగించడానికి ఆయన ఫ్యాక్టరీలోని బాయిలర్‌నే ఉదాహరణగా తీసుకున్నాను. తనిఖీకి వచ్చిన అధికారి సేఫ్టీ వాల్వ్ పరీక్షించిన దాఖలా లేదని రాస్తే, బాయిలర్ పేలిందని కాదు, దాన్ని నడిపే మనిషి చెడ్డవాడనీ కాదు. ఒత్తిడి పెరిగిన రోజున ఆపే ఏర్పాటు ఉందని చెప్పలేమని మాత్రమే. ఆయన వెంటనే తల ఊపి, "అయితే ప్రతి అంశంలో ఇప్పటికే జరిగినదేదో, జరగవచ్చని చెబుతున్నదేదో విడదీసి చెప్పమ్మా" అన్నారు. నేను చేయాలనుకున్నదీ సరిగ్గా అదే.

ప్రతి అంశానికీ ఒక తెల్లకాగితం తీసుకుని, దాని మీద తెలుగులో నాలుగు సంగతులు వేరువేరుగా రాశాను: ఆడిటర్లు కళ్లారా చూసినది ఏమిటి, అది నిజానికి ఎలా ఉండాలి, అలా లేకపోవడానికి కారణం ఏమిటి, దానివల్ల ఏం జరగవచ్చు. మంచి మేనేజ్‌మెంట్ లెటర్‌లో ఈ నాలుగూ ఉంటాయి గానీ, ఒకే పేరాలో కలిసిపోయి ఉంటాయి. మొదటిది వాస్తవం, అందులో తప్పుంటే ముసాయిదా దశలోనే ఆధారం చూపించి సరిచేయించుకోవచ్చు. నాలుగోది ఆడిటర్ అంచనా. దానితో వాదించవచ్చు గానీ అది అబద్ధమని కొట్టేయలేం. మూడోది, అంటే కారణం, ఆడిటర్ల కంటే యజమానికే ఎక్కువ తెలుస్తుంది. అందుకే చాలా లెటర్లలో ఆ భాగం బలహీనంగా ఉంటుంది.

వరసను కూడా మార్చాను. లెటర్‌లో అంశాలు ఖాతాల క్రమంలో ఉన్నాయి: నగదు, బ్యాంకు, కొనుగోళ్లు, సరుకు, జీతాలు, ఇలా. ఆడిటర్లు ముఖ్యమైన లోపాలుగా గుర్తించినవి రెండే, అవి నాలుగో చోట, ఏడో చోట ఉన్నాయి. ఎస్‌ఏ 265 ప్రకారం, పాలనా బాధ్యత ఉన్నవారి దృష్టికి తప్పక తేవలసినంత ప్రాముఖ్యం ఉందని ఆడిటర్ తన వృత్తిపరమైన విచక్షణతో తేల్చినదే ముఖ్యమైన లోపం. మొదటి పేజీలో పెట్టీ క్యాష్ వోచర్ల మీద సంతకాలు లేవన్న మాట చదివిన యజమాని, మిగతావన్నీ అదే స్థాయివి అనుకున్నారు. కాబట్టి నాలుగో అంశంతో మొదలుపెట్టాను.

ఆ అంశం సారాంశం ఇది. సరఫరాదారుల వివరాలను కంప్యూటర్‌లో చేర్చడం, మార్చడం, బిల్లు నమోదు చేయడం, చెల్లింపుల జాబితా తయారుచేయడం, బ్యాంకులో చెల్లింపును పూర్తి చేయడం, ఆపైన బ్యాంకు ఖాతాను పుస్తకాలతో సరిచూడడం, ఇవన్నీ ఒకే వ్యక్తి చేతిలో ఉన్నాయి. సంవత్సరంలో వచ్చిన దాదాపు 640 ముడిసరుకు బిల్లుల్లో 25 తీసి చూస్తే, 7 బిల్లులకు సరుకు అందినట్టు రసీదు లేదు. మరో 3 బిల్లుల్లో కాటా స్లిప్పులోని బరువు బిల్లు బరువు కంటే తక్కువగా ఉన్నా పూర్తి మొత్తం చెల్లించారు. ఏడాదిలో బ్యాంకు ఖాతా నంబరు మారిన ఆరుగురు సరఫరాదారుల్లో నలుగురి విషయంలో ఆ మార్పుకు ఎలాంటి కాగితమూ లేదు.

ఇది వినగానే యజమాని అడ్డు తగిలారు. "అన్నీ ఆయనే చేయడమేమిటి? నా ఓటీపీ లేకుండా ఒక్క రూపాయి కూడా బయటికి పోదు." ఆయన ఆ మాట నిజమని నమ్మే అన్నారు. కాగితం పక్కనపెట్టి, ఆ 3 బిల్లుల్లో ఒకదాన్ని తీసుకుని, అది పుట్టిన చోటి నుంచి డబ్బు వెళ్లిన చోటి దాకా ఇద్దరం కలిసి నడిచి చూద్దామని చెప్పాను. ప్రతి మెట్టు దగ్గరా ఒకే ప్రశ్న అడుగుదామన్నాను: ఇక్కడ తప్పు జరిగితే ఎవరికి తెలుస్తుంది, ఎప్పుడు తెలుస్తుంది? ఆడిటర్లు కూడా ఈ పద్ధతిలోనే ఒక లావాదేవీని మొదటి నుంచి చివరి దాకా అనుసరించి చూస్తారు. యజమానికి నియంత్రణ లోపాన్ని చూపించడానికి ఇంతకంటే మంచి మార్గం నాకు తెలియదు.

మేం తీసుకున్నది క్రాఫ్ట్ కాగితం రీళ్ల బిల్లు. కిలో 36 రూపాయల చొప్పున 13,500 కిలోలకు, జీఎస్టీ కాకుండా 4,86,000 రూపాయలు. ఆర్డర్ ఎక్కడ ఉందని అడిగితే, ఫోన్‌లో తానే చెప్పానన్నారు. రేటు ఆయన జ్ఞాపకంలో ఉంది. అకౌంటెంట్ దగ్గర ఏ కాగితం మీదా లేదు. అంటే బిల్లులో 36కు బదులు 37 ఉంటే అకౌంటెంట్‌కు తెలిసే అవకాశం లేదు. యజమాని బిల్లు చూడరు కాబట్టి ఆయనకూ తెలియదు. తరువాత గోడౌన్‌కు వెళ్లాం. అక్కడి ఇన్‌చార్జి తన రిజిస్టరు తీసి ఆ రోజు కాటా స్లిప్పు చూపించారు: నికర బరువు 13,120 కిలోలు. బిల్లు కంటే 380 కిలోలు తక్కువ. అంటే 13,680 రూపాయల తేడా. ఇన్‌చార్జికి ఆ తేడా లారీ దిగిన రోజే తెలుసు, రిజిస్టరులో ఎర్ర ఇంకుతో రాసి పెట్టారు కూడా. అయితే ఆ రిజిస్టరు గోడౌన్ దాటి రాదు. బిల్లు మాత్రం డ్రైవర్ చేతి నుంచి నేరుగా ఖాతాల గదికి వెళుతుంది.

యజమాని కొంచెం ఆలోచించి, కాగితం తేమను బట్టి బరువు కొద్దిగా మారడం సహజమనీ, నూటికి ఒక కిలో దాకా తాము అడగమనీ చెప్పారు. ఆయన చెప్పింది సమంజసమే. ఆ లెక్కన ఈ లారీకి 135 కిలోల తేడాను వదిలేయవచ్చు. కానీ ఇక్కడ తేడా 380. ఆయన పెట్టుకున్న నియమం ప్రకారమే సరఫరాదారు నుంచి రావలసిన తగ్గింపు అడగకుండా వదిలేశారు. ఆ నియమం ఎక్కడా రాసి లేకపోవడంతో ఇన్‌చార్జికీ అకౌంటెంట్‌కూ అది తెలియదు.

చివరికి చెల్లింపు దగ్గరికి వచ్చాం. ఆ బ్యాంకు నెట్‌బ్యాంకింగ్‌లో రెండు యూజర్ ఐడీలు ఉన్నాయి: చెల్లింపును నమోదు చేసే మేకర్‌కు ఒకటి, దాన్ని ఆమోదించే చెకర్‌కు ఒకటి. రెండోది యజమాని పేరు మీద ఉంది. కానీ దాని పాస్‌వర్డ్ అకౌంటెంట్ దగ్గరే ఉంది. చెల్లింపుల రోజున ఆయన రెండు ఐడీలతోనూ తానే లోపలికి వెళ్లి, ఆమోదించే ముందు యజమానికి ఫోన్ చేస్తారు. యజమాని తన మొబైల్‌కు వచ్చిన ఓటీపీ చదివి చెబుతారు. అప్పుడు యజమాని చూసేది ఆరు అంకెలూ, మహా అయితే మొత్తం సొమ్మూ. ఎవరికి, ఏ ఖాతాకు, ఏ బిల్లుకు వెళుతున్నదో ఆయన చూడడం లేదు. గత నెల చెల్లింపుల జాబితాను ఆయన ముందు పెట్టి, ఇందులోని ఖాతా నంబర్లు ఆయా సరఫరాదారులవేనని మీకు ఎలా తెలుసు అని అడిగాను. ఆయన చాలాసేపు జాబితా వైపే చూసి, "తెలియదమ్మా" అన్నారు. ఆ అంశాన్ని ఆడిటర్లు ఎందుకు ముఖ్యమైన లోపంగా పెట్టారో ఇక నేను విడిగా చెప్పవలసిన అవసరం రాలేదు.

ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. సరఫరాదారు పేరుతో నకిలీ ఈమెయిల్ పంపి, మా బ్యాంకు ఖాతా మారింది, ఇకపై ఇందులో వేయండి అని చెప్పి డబ్బు కాజేయడం ఈ రోజుల్లో ఏ కంపెనీకైనా ఎదురయ్యే మోసం. అందులో అకౌంటెంట్ దోషమేమీ ఉండదు. ఆయన నిజాయితీగానే ఆ ఈమెయిల్‌ను నమ్మి నంబరు మారుస్తారు. నలుగురు సరఫరాదారుల ఖాతా మార్పుకు కాగితం లేదని ఆడిటర్లు రాసింది అందుకే. మేం ఆ నలుగురికీ, పాత బిల్లుల మీదున్న ఫోన్ నంబర్లకే కాల్ చేసి అడిగాం. మార్పులన్నీ నిజమైనవే. అయినా లోపం లోపమే; ఈసారి నష్టం జరగలేదని మాత్రమే తేలింది.

అకౌంటెంట్‌ను కూడా కూర్చోబెట్టి ఇదంతా మరోసారి చెప్పాలని నేను పట్టుబట్టాను. తన వెనుక తన గురించి ఏదో మాట్లాడుకున్నారన్న అనుమానం ఉంటే, ఆ మనిషి తరువాత వచ్చే మార్పులకు మనసారా సహకరించలేరు. ఆయనతో నేను చెప్పింది ఇది: అన్ని పనులూ ఒక్కరి చేతిలోనే ఉన్నప్పుడు, ఎప్పుడైనా ఎక్కడైనా డబ్బు తేడా వస్తే అనుమానం మొత్తం ఆ ఒక్కరి మీదే పడుతుంది, తన తప్పు లేదని చూపించుకోవడానికి ఆ మనిషి దగ్గర ఆధారమేమీ ఉండదు. ఆయన కొంత బాధపడినా, చెకర్ పాస్‌వర్డ్ తన దగ్గర ఉండడం తనకూ ఇష్టం లేదనీ, యజమాని ఫ్యాక్టరీలో ఉంటే చెల్లింపులు ఆగిపోతున్నాయని ఆ ఏర్పాటు వచ్చిందనీ చెప్పారు. లెటర్‌లో లేని కారణం అలా బయటపడింది.

యజమాని అడిగిన మరో ప్రశ్నకు ఇక్కడే జవాబు చెప్పాలి. మూడు లారీల తేడా కలిపితే నలభై వేలు కూడా దాటదు కదా, దీనికి ఇంత పెద్ద మాటలా అని ఆయన సందేహం. నష్టాన్ని కొలవడానికి ఆడిటర్లు ఆ 25 బిల్లులను తీయలేదు. సరుకు బరువును బిల్లుతో పోల్చే పని కంపెనీలో జరుగుతున్నదా లేదా అని చూడడానికి తీశారు. జరిగి ఉంటే 25లో 25 సరిపోవాలి, లేదా తేడా ఉన్నచోట ఆ సొమ్ము తగ్గిస్తూ సరఫరాదారుకు ఇచ్చిన డెబిట్ నోటు కనిపించాలి. 3 చోట్ల తేడా ఉన్నా ఎవరూ ఆపలేదంటే, మిగిలిన 600 పైచిలుకు బిల్లులనూ ఎవరైనా పోల్చారని నమ్మలేమని అర్థం. అలాగని 25కు 3 చొప్పున మొత్తం కొనుగోళ్లలో అంత శాతం నష్టపోయామని లెక్క కట్టడం కూడా తప్పే. నష్టం ఎంతో తెలియాలంటే గోడౌన్ రిజిస్టరునూ బిల్లులనూ ఏడాది మొత్తానికి పక్కపక్కన పెట్టి చూడాలి. ఆ పని యాజమాన్యానిది, ఆడిటర్లది కాదు. ఆయన ఆ పనిని గోడౌన్ ఇన్‌చార్జికీ ఒక జూనియర్‌కూ అప్పగించారు.

రెండో ముఖ్యమైన లోపం, ఉన్న సరుకు విలువ చూపుతూ బ్యాంకుకు ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్ గురించి. మేనేజ్‌మెంట్ లెటర్ కంపెనీకే పరిమితమైన పత్రం. కానీ ఈ ఒక్క విషయం, కారో 2020 అనే ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం ఆడిట్ రిపోర్టుకు జతచేసే అనుబంధంలో కూడా కనిపిస్తుందని ఆయనకు తెలియదు. సరుకు, బాకీల వంటి కరెంట్ ఆస్తుల హామీ మీద బ్యాంకుల నుంచి మంజూరైన వర్కింగ్ క్యాపిటల్ పరిమితి ఏడాదిలో ఎప్పుడైనా 5 కోట్లు దాటితే, బ్యాంకుకు మూడు నెలలకోసారి ఇచ్చిన లెక్కలు పుస్తకాలతో సరిపోయాయా, సరిపోకపోతే వివరాలేమిటి అని ఆడిటర్ అందులో చెప్పాలి. ఈ కంపెనీ పరిమితి 6 కోట్లు. డిసెంబరు త్రైమాసికానికి బ్యాంకుకు ఇచ్చిన స్టేట్‌మెంట్‌లో సరుకు విలువ 4.10 కోట్లు, పుస్తకాల ప్రకారం 3.55 కోట్లు. తేడా 55 లక్షలు. అంకె అనుబంధంలోకి వెళ్లింది. ఆ తేడా ఎందుకు వచ్చిందో, ఏం సరిచేయాలో మేనేజ్‌మెంట్ లెటర్‌లోకి వచ్చింది.

ఆ 55 లక్షలను విడదీసి చూశాం. అందులో 32 లక్షలు, నెల చివరి రోజుల్లో కొనుగోలుదారు పేరున బిల్లు చేసినా ఇంకా లారీ ఎక్కని పెట్టెల విలువ. బిల్లు చేశారు కాబట్టి ఆ సొమ్ము బాకీదారుల జాబితాలోకి వెళ్లింది. గోడౌన్‌లోనే ఉన్నాయి కాబట్టి సరుకుగానూ లెక్కించారు. ఒకే పెట్టె రెండు చోట్ల లెక్కకు వచ్చిందన్నమాట. మిగిలిన 23 లక్షలు అంచనా తేడా: త్రైమాసికం చివర సరుకు ఎవరూ లెక్కించలేదు, కిందటి నెల అంకెకు కొనుగోళ్లు కలిపి, వాడకాన్ని ఉజ్జాయింపుగా తీసేశారు. ఆయన మంజూరు పత్రంలో సరుకు మీద 25 శాతం మార్జిన్ ఉంది, అంటే సరుకు విలువలో 25 శాతం మినహాయించి మిగిలినదాని మీదే అప్పు ఇస్తారు. కాబట్టి 55 లక్షలు ఎక్కువ చూపడం వల్ల ఆయన తీసుకోగలిగిన అప్పు, అంటే డ్రాయింగ్ పవర్, 41.25 లక్షలు ఎక్కువగా వచ్చింది.

ఇక్కడ యజమాని ముఖం మారింది. నిజానికి ఆ త్రైమాసికంలో ఆయన పరిమితిని పూర్తిగా వాడుకోలేదు. ఆ అదనపు 41 లక్షలతో ఆయనకు పనే పడలేదు. అయినా ఆ స్టేట్‌మెంట్ కింద ఉన్నది ఆయన సంతకం. పరిమితి పెంచమని రేపు బ్యాంకును అడిగితే, రుణ విభాగంలో మొదట తెరిచే పేజీల్లో ఆ అనుబంధం ఒకటి. మోసం చేసే ఉద్దేశం లేదని చెప్పుకోవడం కంటే, తేడా ఎలా వచ్చిందో లెక్కతో చూపించి, మరుసటి త్రైమాసికం నుంచి సరైన స్టేట్‌మెంట్ ఇవ్వడమే మేలని చెప్పాను. బ్యాంకు అడగకముందే వివరణ రాసి ఇద్దామని ఆయనే అన్నారు. నేను సంతోషంగా ఒప్పుకున్నాను.

మిగిలిన తొమ్మిది అంశాల మీద ఎక్కువసేపు పట్టలేదు. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ముగ్గురు ఒకే యూజర్ పేరుతో పనిచేస్తున్నారన్నది వాటిలో నాకు ముఖ్యంగా అనిపించింది. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పునూ నమోదు చేసే ఆడిట్ ట్రయల్ ఉండి తీరాలి. అది వీరి దగ్గర పనిచేస్తూనే ఉంది. కానీ అందరి పేరూ ఒకటే అయినప్పుడు మార్పు ఎవరు చేశారో అది చెప్పలేదు. మరో అంశంలో, మార్చి నెల బ్యాంకు సరిచూపు చేయలేదని రాశారు. అకౌంటెంట్ దాన్ని చేశారు, ఫైలు చూపించారు. ఆడిటర్ల సహాయకులు వచ్చిన రోజున అది వేరే ఫోల్డరులో ఉంది. ఇది వాస్తవంలో తప్పు కాబట్టి, తయారుచేసిన తేదీ కనిపించే కాపీతో సహా పంపించాం. ఆడిటర్లు ఆ అంశాన్ని తొలగించి, సరిచూపును రెండో వ్యక్తి పరిశీలించి సంతకం చేయడం లేదన్నంత వరకు నిలిపారు. అది న్యాయమైన మార్పు.

ఇక సమాధానాల పెట్టెలు. గత రెండేళ్ల లెటర్లు తెప్పించి చూస్తే, చెల్లింపుల అంశం రెండింటిలోనూ ఉంది. రెండుసార్లూ దాని కింద ఉన్న జవాబు ఒకటే: గమనించాం, సరిచేస్తాం. అకౌంటెంట్ రాశారు, యజమాని సంతకం పెట్టారు. ఎస్‌ఏ 265లో దీని గురించి ఒక మాట ఉంది: ముందే తెలియజేసిన ముఖ్యమైన లోపాన్ని, సహేతుకమైన కారణం చెప్పకుండా సరిచేయకపోతే, ఆ నిష్క్రియే మరో ముఖ్యమైన లోపం కావచ్చు. అదే జవాబు మూడోసారి రాస్తే ఆడిటర్లు దాన్ని సరఫరాదారుల ఖాతాల సమస్యగా కాక, డైరెక్టర్ల తీరుగా చూడవలసి వస్తుందని చెప్పాను. ఈసారి ఆయన ప్రతి జవాబూ తెలుగులో తానే చెప్పారు. నేను దాన్ని ఆంగ్లంలోకి మార్చి, మళ్లీ తెలుగులో చదివి వినిపించి, ఆయన ఒప్పుకున్న తరువాతే పెట్టెలో పెట్టాను.

నలుగురే ఉన్న గదిలో ఆరు పనులను ఆరుగురికి పంచలేం. పనుల విభజన లేనిచోట ఆ లోటును యజమాని స్వయంగా చేసే పర్యవేక్షణ కొంతవరకు పూడ్చగలదని ప్రమాణం కూడా గుర్తిస్తుంది. కాబట్టి మా జవాబు ఆయన తానే చేయగలిగిన పనుల చుట్టూ సాగింది. చెకర్ పాస్‌వర్డ్ ఆ రోజే మార్చారు; ఇకపై ఆయన తన మొబైల్‌లోనే లోపలికి వెళ్లి, పేరు, ఖాతా, సొమ్ము చూసి ఆమోదిస్తారు. చెల్లింపులు వారానికి రెండు నిర్ణీత రోజుల్లోనే ఉంటాయి, దానితో తొందర అన్న కారణం పోతుంది. ప్రతి ముడిసరుకు బిల్లుకూ గోడౌన్ రసీదు, కాటా స్లిప్పు జతచేసి ఉంటేనే జాబితాలోకి వస్తుంది. నూటికి ఒకటి దాటిన తేడాకు డెబిట్ నోటు. ఫోన్‌లో ఇచ్చిన ఆర్డరు రేటును ఆయన అదే రోజు గోడౌన్‌కూ ఖాతాలకూ ఒక మెసేజ్‌లో పంపుతారు. కొత్త సరఫరాదారుల, మారిన ఖాతాల జాబితా నెలకోసారి ఆయన ముందుకు వస్తుంది, ప్రతి మార్పునూ పాత నంబరుకు కాల్ చేసి నిర్ధారించుకున్నది ఎవరో అందులో రాసి ఉంటుంది. ప్రతి పనికీ ఒక పేరు, ఒక తేదీ పెట్టాం. అవి లేని సమాధానాన్ని వచ్చే ఏడాది ఎవరూ పరీక్షించలేరు.

ఒక సిఫార్సును మాత్రం ఆయన అంగీకరించలేదు. విడిగా ఒక ఇంటర్నల్ ఆడిటర్‌ను నియమించమని ఆడిటర్లు సూచించారు. చట్టం ప్రకారం ప్రైవేట్ కంపెనీకి అది తప్పనిసరి అయ్యేది టర్నోవర్ 200 కోట్లు లేదా అంతకు మించినప్పుడు, లేదా బ్యాంకులు, ఆర్థిక సంస్థల అప్పులు 100 కోట్లు దాటినప్పుడు. ఆయనకు ఆ ఖర్చు ఇప్పుడు భారం. అంగీకరించకపోవడం తప్పు కాదు. ఎందుకు అంగీకరించడం లేదో రాయకపోవడమే తప్పవుతుంది. కంపెనీ పరిమాణం, ఖర్చు, బదులుగా చేపట్టిన ఏర్పాట్లు ఇవీ, ఏడాది తరువాత మళ్లీ పరిశీలిస్తాం అని జవాబులో రాశాం.

ముసాయిదా మీద ఆడిటర్లతో జరిగిన సమావేశానికి యజమాని తానే వెళ్లారు. నేను పక్కన కూర్చున్నాను. ఇవన్నీ ఇప్పుడే సరిచేశాం కాబట్టి ఆ రెండు అంశాలను తీసేయవచ్చా అని ఆయన అడిగారు. వీల్లేదన్నారు, అది సరైనదే. లెటర్ మార్చి 31తో ముగిసిన సంవత్సరానిది. ఆ సంవత్సరమంతా ఆ ఏర్పాట్లు లేవు, తరువాత పెట్టినంత మాత్రాన గడిచిన కాలానికి వర్తించవు. అయితే తీసుకున్న చర్యలు సమాధానంలో నమోదవుతాయనీ, వచ్చే ఆడిట్‌లో ఏర్పాటు ఉందా అన్నది మాత్రమే కాక, నెలలు గడుస్తున్నా అది క్రమం తప్పకుండా నడిచిందా అని చూస్తామనీ చెప్పారు. దానికి ఏ ఆధారాలు చూపాలని యజమాని అడిగారు. నెలవారీ మార్పుల జాబితా మీద ఆయన సంతకం, తేదీ. బిల్లుకు జతచేసిన రసీదు. త్రైమాసికం చివర సరుకు లెక్కించిన షీట్లు, వాటి మీద లెక్కించినవారి సంతకాలు. స్టేట్‌మెంట్‌నూ పుస్తకాలనూ పోల్చిన కాగితం అని ఆడిటర్ చెబుతుంటే, ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఒక్కొక్కటీ తెలుగులో రాసుకున్నారు.